నీళ్లు ఆరతాయి, ఉప్పు ఉండిపోతుంది

పోయిన ఆగస్టులో ఓ పొద్దున మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరే, ఫోను తొట్లో పడిందిరా. ఏం కాలేదులే, ఇదిగో దాంతోనే మాట్లాడుతున్నా" అన్నాడు. గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది.

"ముందు ఆపెయ్ బాబాయ్."

"ఆపితే మళ్లీ వస్తుందో రాదో! పనిచేస్తోందిగా, చేయనీ."

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక బోరు, దాని పక్కన సిమెంటు తొట్టి. బాబాయి మొహం కడుక్కోవడానికి వంగితే చొక్కా జేబులోని ఫోను బుడుంగున మునిగింది. తీసి తువ్వాలుతో తుడిచాడు. తెర వెలుగుతోంది, కాల్ వెళ్తోంది. ఇంకేం కావాలి? మధ్యాహ్నానికి మా పిన్ని దాన్ని బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. రెండు రోజుల తర్వాత తీస్తే శుభ్రంగా పనిచేసింది. "చూశావా, బియ్యం కాపాడాయి" అని పిన్ని అందరికీ చెప్పింది.

అక్టోబరులో ముసురు పట్టింది. అప్పుడు మొదలైంది అసలు కథ. ఛార్జరు పిన్ను ఒకవైపు తిప్పి పెడితేనే ఛార్జింగ్ ఎక్కుతోంది, రెండోవైపు పెడితే ఉలుకూ పలుకూ లేదు. రాత్రి 80 శాతం ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి 30 అయిపోతోంది. జేబులో ఊరికే ఉన్నా ఫోను పైభాగం వెచ్చగా తగులుతోంది. రెండు నెలల కిందటి తొట్టికీ దీనికీ సంబంధం ఉందని బాబాయికి తట్టలేదు. తట్టదు కూడా. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి కదా!

నీళ్లు ఆరిపోయిన మాట నిజమే. వాటితో వచ్చిన ఉప్పు మాత్రం లోపలే ఉంది.

లోపల జరిగేది ఇదీ

నీళ్లు తగలగానే ఫోను పాడవుతుందని మన నమ్మకం. నిజానికి మచ్చలేని స్వచ్ఛమైన నీటికి కరెంటును మోసే శక్తి చాలా తక్కువ. మోసేది నీటిలో కరిగిన లవణాలు. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణాలు చెబుతాయి. బోరు నీళ్లలో 1500 ఉండటం పెద్ద వింతేం కాదు. సముద్రపు నీటిలో అయితే లీటరుకు దాదాపు 35 గ్రాములు.

ఇప్పుడు చిన్న లెక్క. ఫోనులోకి ఒక మిల్లీలీటరు, అంటే సుమారు 20 చుక్కల బోరు నీరు దూరిందనుకుందాం. అది ఆరిపోయాక ఒకటిన్నర మిల్లీగ్రాముల లవణం మిగులుతుంది. సన్న ఉప్పు పలుకులు పదో పదిహేనో అంత. చూడటానికి ఏమీ లేదు. కానీ ఫోను బోర్డు మీద పక్కపక్క కాంటాక్టుల మధ్య ఖాళీ మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. ఆ సందులో పది పలుకుల ఉప్పంటే, మన గుమ్మంలో ఉప్పు బస్తా వేసినట్టే.

లవణం ఒక్కటే ఉన్నా పని నెమ్మదిగా సాగుతుంది. దానికి కరెంటు తోడైతేనే వేగం. నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు. గ్లాసు బోరు నీళ్లలో రెండు రాగి తీగలు, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయండి. మూడు పెన్సిల్ సెల్స్ వరసగా కలిపి వాటి రెండు కొసలకూ ఆ తీగలు తగిలించండి. మూడు సెల్స్ కలిస్తే 4.5 వోల్టులు, ఫోను బ్యాటరీ ఇచ్చేదానికి కాస్త అటూ ఇటూ. కాసేపటికి మైనస్ తీగ చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. ప్లస్ తీగ మెరుపు పోయి నల్లబడటం మొదలవుతుంది. అలాగే వదిలేస్తే నీళ్లలో ఆకుపచ్చ, నీలం కలిసిన మడ్డి తేలుతుంది. ఆ మడ్డి అంతా ప్లస్ తీగలోంచి ఊడిన రాగే. అదే నీళ్లలో, అవే తీగలు, సెల్స్ లేకుండా వేసి చూడండి. గంటల తరబడి ఉన్నా దాదాపు అలాగే ఉంటాయి.

తడిసిన ఫోనులోనూ ఇదే జరుగుతుంది, తీగలకు బదులు వెంట్రుకకన్నా సన్నటి రాగి దారులుంటాయి అంతే. ప్లస్ వైపున్న లోహం కరిగి, నీటిలో ప్రయాణించి, మైనస్ వైపు చేరి చెట్టు కొమ్మల్లా పెరుగుతుంది. ఆ కొమ్మ రెండోవైపు తాకిన క్షణాన షార్ట్. ఇందుకు రోజులు పట్టనక్కర్లేదు, ఒక్కోసారి నిమిషాలు చాలు. అందుకే "పనిచేస్తోందిగా" అని ఆన్‌లో ఉంచిన ప్రతి నిమిషమూ ఆ ప్రయోగాన్ని మన ఫోనులో మనమే నడిపిస్తున్నట్టు లెక్క.

మొదటి పది నిమిషాలు

ఫోను ఛార్జింగులో ఉండగా నీళ్లలో పడితే ముందు ఫోను సంగతి కాదు, మీ సంగతి చూసుకోండి. నీళ్లలో చెయ్యి పెట్టొద్దు. గోడ దగ్గర స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే ఫోను ముట్టుకోవాలి.

మామూలుగా పడితే తీసిన వెంటనే చేయాల్సిన పని ఒక్కటే: స్విచ్ ఆఫ్. కాల్ వెళ్తోందా, కెమెరా వస్తోందా, స్పీకరు మోగుతోందా అని పరీక్షించొద్దు. పడగానే దానంతటదే ఆగిపోయి ఉంటే ఇంకా మంచిది, బతికుందా లేదా అని బటన్ నొక్కి లేపకండి. తెర తడిసి వేలు తగిలినా స్పందించకపోతే ఆపడం కుదరకపోవచ్చు. అలాంటప్పుడు నేరుగా రిపేరు షాపుకు తీసుకెళ్లి బ్యాటరీ కనెక్టరు ఊడదీయించడమే దారి. కీప్యాడ్ ఫోను వాడేవాళ్ల పని సులువు. వెనక డొప్ప తీసి బ్యాటరీ లాగేయడమే, ఆఫ్ బటన్ కోసం కూడా ఆగక్కర్లేదు.

ఆపడానికి మనవాళ్లు వెనకాడేది ఎక్కువగా ఓటీపీల కోసం. సిమ్ తీసి ఇంట్లో ఇంకో ఫోనులో వేస్తే కాల్స్, మెసేజ్‌లు, ఓటీపీలు అందులోకి వస్తాయి. ఫోనుతో చెల్లింపులు చేసే యాప్‌లు మాత్రం ఆ కొత్త ఫోనులో మళ్లీ నమోదు చేసుకోమంటాయి. రెండు రోజులు నోట్లతో సర్దుకుంటే సరిపోతుంది.

ఆపాక కవరు తీసేయండి. కవరుకూ ఫోనుకూ మధ్య నీళ్లు ఎంతసేపైనా నిలిచి ఉంటాయి. మెత్తటి పొడి గుడ్డతో బయటంతా తుడిచి, తర్వాత సిమ్ ట్రే తీయండి. ఛార్జింగ్ రంధ్రం కిందికి వచ్చేలా ఫోనును నిలువుగా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. నాలుగు చుక్కలు రాలతాయి. జాడించొద్దు, విసురుగా ఊపితే ఒక మూలనున్న నీరు ఇంకో మూలకు పాకుతుంది. నోటితో ఊదినా అంతే, నీటిని ఇంకా లోపలికి తోసినట్టవుతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, చెవిలో పెట్టుకునే దూది పుల్ల లాంటివి రంధ్రంలో పెడితే లోపలి పిన్నులు వంగిపోతాయి, లేదా దూది పోగులు అందులోనే ఉండిపోతాయి.

తర్వాత టేబుల్ ఫ్యాను ముందు, రంధ్రాలు గాలికి ఎదురుగా ఉండేలా ఏటవాలుగా ఆనించి వదిలేయండి. తేమను లాక్కుపోయేది కదిలే గాలి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యరుతో వేడిగాలి కొట్టడం, పొయ్యి పక్కన ఉంచడం వద్దు. లిథియం బ్యాటరీకి వేడి పడదు, అద్దాన్ని అంటించిన జిగురు కూడా వేడికి మెత్తబడి వదులవుతుంది. అప్పటిదాకా రాని నీటికి కూడా దారి దొరుకుతుంది.

ఛార్జింగ్ మాటే తలపెట్టొద్దు. బ్యాటరీ కరెంటే చాలదన్నట్టు బయటినుంచి ఇంకాస్త పంపడం అది. ఛార్జింగ్ రంధ్రంలోని పిన్నుల మధ్య దూరం అర మిల్లీమీటరు. తడి రంధ్రంలో ఛార్జరు పెడితే కరెంటు మోసే పిన్ను ముందుగా కరిగిపోతుంది. ఫోను చినుకుల్లో కాస్త తడిసి, రంధ్రంలో మాత్రమే చెమ్మ ఉందంటూ తెర మీద నీటి చుక్క బొమ్మ కనిపిస్తే, కనీసం అరగంట ఆగి ప్రయత్నించండి. పూర్తిగా ఆరడానికి ఒక రోజైనా పట్టొచ్చు. మొత్తం మునిగితే మాత్రం అది అరగంటలో తేలే వ్యవహారం కాదు.

బియ్యం ఎందుకు పనికిరావు

మా బాబాయి వరి రైతు. తేమ శాతం గురించి ఆయనకు నేను చెప్పేదేముంది? ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు 17 దాటితే బస్తాలు దించుకోరు, మళ్లీ ఎండబెట్టుకోమంటారు. మిల్లాడిన బియ్యంలోనూ 13, 14 శాతం తేమ ఉంటుంది. అంటే డబ్బాలోని కిలో బియ్యంలో 130, 140 గ్రాముల నీళ్లు ముందే ఉన్నాయన్న మాట. వేలితో తాకితే పొడిగా ఉన్నాయి కాబట్టి ఎండిపోయిన సరుకని మనం అనుకుంటాం.

గింజ తన చుట్టూ ఉన్న గాలితో ఎప్పుడూ రాజీపడి ఉంటుంది. గాలి పొడిబారితే తేమ వదులుతుంది, గాలి చెమ్మగా ఉంటే కాస్త తీసుకుంటుంది. 14 శాతం తేమ ఉన్న బియ్యం మూసిన డబ్బాలో ఉంటే, అందులో గాలి తేమ 70 శాతం దగ్గర నిలబడుతుంది. కోస్తాలో వానాకాలం బయటి గాలి అంతకన్నా కొంచెం ఎక్కువ తేమగా ఉంటుందేమో, అంతే తేడా. పైగా డబ్బాలో గాలి కదలదు. ఫోనులోపల లోహపు మూతల కింద, చిప్పుల అడుగున అంటుకున్న చుక్క ముందు ఆవిరి కావాలి. ఆ ఆవిరి సందులు దాటి బయటికి రావాలి. అప్పుడు కదా బియ్యం దాన్ని అందుకునేది! అన్నం వండేముందు బియ్యం నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, నిజమే. కానీ అవి నీళ్లలో మునిగి ఉంటాయి. ఫోనులో ఉన్న నీటి చుక్కను డబ్బాలోని గింజ తాకను కూడా తాకదు. అదే ఫోను బల్ల మీద ఫ్యాను గాలికి ఉంటే అంతకన్నా ముందే ఆరుతుంది.

మరి బియ్యంలో పెట్టాక బాగైన ఫోన్ల మాటేమిటి? వాటిని బతికించింది రెండు రోజులు ఆఫ్‌లో ఉండటం. డబ్బాలో పాతిపెట్టాక మన చెయ్యి వాటి జోలికి పోదు, ఛార్జింగ్ పెట్టం, బటన్ నొక్కం. ఆ ఓపిక చేసిన మేలు బియ్యం ఖాతాలో పడింది. మా బాబాయి విషయంలో ఆ మేలు కూడా జరగలేదు. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ఆన్‌లోనే తిరిగింది. డబ్బాలో ఉన్నప్పుడు కూడా ఎవరూ ఆపలేదు, పిన్నికి ఆ ఆలోచనే రాలేదు.

మేలు సంగతి అలా ఉంచితే, కీడూ ఉంది. బియ్యానికి తవుడు, పిండి దుమ్ము అంటుకుని ఉంటాయి. అవి తడి రంధ్రంలోకి వెళ్తే గంజిపెట్టినట్టు గట్టిపడతాయి. నూకలు ఛార్జింగ్ రంధ్రంలో ఇరుక్కుంటాయి. ఫోనును బియ్యం సంచిలో పెట్టొద్దని, చిన్న ముక్కలు లోపలికి పోయి పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థ కూడా 2024 నాటికి తన సహాయ పేజీలో రాసిపెట్టింది.

కొత్త చెప్పులు, బ్యాగుల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాల విషయం వేరు. అవి నిజంగానే తేమను బాగా లాగుతాయి. అయితే ఇంట్లో ఏడాదిగా పడి ఉన్న పొట్లం ఎప్పుడో కడుపు నింపుకుని ఉంటుంది. కొత్తవే తెచ్చి గట్టి మూత డబ్బాలో ఫోనుతో ఉంచినా, అవి లాగేది ఆవిరిని మాత్రమే. బియ్యమైనా, సిలికా జెల్ అయినా, ఫ్యాను అయినా ఉప్పును బయటికి తేలేవు. బోరు నీళ్లు కాగిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది చూశారా? ఫోనును ఆరబెట్టడమంటే లోపల ఆ పొర కట్టనివ్వడమే. గిన్నెను తోముతాం. ఫోనునూ తోమాలి.

షాపులో అడగాల్సినవి

కాబట్టి మొత్తంగా మునిగిన ఫోనును, అది పనిచేస్తున్నా సరే, వీలైతే ఆ రోజే విప్పించాలి. స్విచ్ ఆఫ్ చేసినంత మాత్రాన బోర్డుకు కరెంటు పూర్తిగా ఆగదు. గడియారం నడవడానికి, బటన్ నొక్కితే లేవడానికి కొన్ని దారుల్లో సన్నగా పారుతూనే ఉంటుంది. బ్యాటరీ కనెక్టరు ఊడదీస్తేనే అది పూర్తిగా ఆగుతుంది.

మంచి పనివాడు మొదట చేసేది అదే. తర్వాత బోర్డు బయటికి తీసి, చిప్పుల మీద కప్పిన లోహపు మూతలు విప్పుతాడు. నీళ్లు దాక్కునేది వాటి కిందే. ఆపైన మెత్తటి బ్రష్షుతో బోర్డు కడుగుతాడు. షాపుల్లో దీనికి ఎక్కువగా ఐపీఏ వాడతారు, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అది నీటిని తనలో కలుపుకుని త్వరగా ఎగిరిపోతుంది. అయితే ఒక చిన్న మెలిక ఉంది. ఉప్పు ఆల్కహాల్‌లో సరిగా కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే పని తెలిసినవాళ్లు ముందు డిస్టిల్డ్ వాటరుతోనో, బోర్డులు కడిగే ద్రావణంతోనో ఉప్పు వదిలించి, చివర ఐపీఏతో ఆ తడిని తీసేస్తారు. నీళ్లలో పడ్డ ఫోనును మళ్లీ నీళ్లతో కడగడమేమిటని కంగారుపడక్కర్లేదు. బ్యాటరీ లేని బోర్డుకు, లవణం లేని నీరు కీడు చేయదు, బాగా ఆరబెడితే చాలు.

అల్ట్రాసోనిక్ మిషన్ ఉన్న షాపైతే, బోర్డును ద్రావణంలో ముంచి కంటికి కనిపించనంత వేగంగా కంపింపజేస్తారు. బ్రష్షు దూరని చిప్పుల అడుగు కూడా శుభ్రపడుతుంది. తెర, కెమెరా, బ్యాటరీ అందులో వేయకూడదు.

మీరు షాపు కౌంటరు దగ్గర అడగాల్సినవి రెండే: "బోర్డు బయటికి తీసి కడుగుతారా? మూతల కింద కూడా చూస్తారా?" విప్పకుండానే బ్లోయరు పెట్టి వేడిగాలి కొట్టి "అయిపోయింది" అంటే, మీరు డబ్బులిచ్చి కొనుక్కున్నది బియ్యం డబ్బా వైద్యమే.

సముద్రంలో పడితే తొందర ఇంకా ఎక్కువ. అదే ఒక్క మిల్లీలీటరులో 35 మిల్లీగ్రాముల ఉప్పుంటుంది. మీది నీటిని తట్టుకునే రకం ఫోనై, అద్దం పగలకుండా ఉంటే, ఆపేసి, సిమ్ ట్రే మూసే ఉంచి, బయటి ఉప్పు పోయేలా మంచినీళ్లతో సన్నగా కడిగి తుడవండి. టీ, కూల్ డ్రింకు, సబ్బు నీళ్లు పడ్డా అంతే. ఆ రకం కాకపోతే ఇంట్లో కడగొద్దు, ఆపేసి షాపుకు తీసుకెళ్లండి.

ఇక్కడే ఐపీ68 మాట కూడా చెప్పుకోవాలి. పెట్టె మీద ఆ ముద్ర ఉంటే మునిగినా ఫర్వాలేదని చాలామంది ధైర్యం. ఆ పరీక్ష కదలని మంచినీటిలో, కొత్త ఫోనుతో, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంత సేపు మాత్రమే జరుగుతుంది. నీరు లోపలికి రాకుండా ఆపేది అద్దం చుట్టూ ఉన్న జిగురు. అది ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది, ఫోను కింద పడితే చీలుతుంది. తెర మార్పించిన రోజున ఆ పాత జిగురు ఎలాగూ పోతుంది. మళ్లీ అంతే శ్రద్ధగా కొత్తది వేశారా అన్నది మీకు కనిపించదు. వారంటీలో నీటి దెబ్బకు సాధారణంగా చోటుండదు. బాబాయి ఫోనుకు ఏడాది కిందటే తెర మార్చారు.

నెలల తర్వాత కనిపించే గుర్తులు

అక్టోబరులో ఆ ఫోను తీసుకుని ఊళ్లో రిపేరు షాపుకు వెళ్లాం. కుర్రాడు మాటల్లేకుండా ముందు సిమ్ ట్రే తీసి, ఆ సందులోకి టార్చి వేశాడు. "ఎప్పుడు పడింది అన్నా నీళ్లలో?" అన్నాడు. మేమింకా చెప్పనే లేదు.

అతను చూసింది చిన్న కాగితపు చుక్కను. చాలా ఫోన్లలో సిమ్ సందు పక్కన తెల్లటి స్టిక్కరు ఉంటుంది. నీరు తగిలితే ఎర్రగా, గులాబీ రంగుకు మారి అలాగే ఉండిపోతుంది. పాత ఫోను కొనేటప్పుడు మీరూ టార్చి వేసి చూడొచ్చు.

డొప్ప తీశాక ఛార్జింగ్ రంధ్రం ఉన్న చిన్న బోర్డును భూతద్దం కింద పెట్టి మాకు చూపించాడు. బంగారు రంగులో మెరవాల్సిన పిన్నుల్లో రెండు నల్లగా ఉన్నాయి, వాటి మొదట్లో ఆకుపచ్చటి పొడి. పాత ఇత్తడి చెంబు మూల పట్టే చిలుము రంగే అది. రాగి తినేసిన గుర్తు. పెద్ద బోర్డు మీద ఒక మూత తీస్తే అక్కడక్కడ తెల్లటి పొడి, అతుకు పెట్టిన సీసం మెరుపు తగ్గి బూడిద రంగులోకి దిగింది.

ఛార్జరు ఒకవైపే ఎక్కడానికి కారణం అప్పుడు తెలిసింది. టైప్-సి రంధ్రంలో పైన ఒక వరస, కింద ఒక వరస పిన్నులుంటాయి. ఛార్జరు పెట్టారని ఫోనుకు కబురు చెప్పే పిన్ను రెండు వరసల్లోనూ ఒక్కొక్కటి ఉంటుంది. ఎటు తిప్పి పెడితే అటువైపు పిన్ను పలుకుతుంది. ఒకటి చిలుము పట్టి మూగబోతే, రెండోదానివైపు పెట్టినప్పుడే ఫోను స్పందిస్తుంది. అందుకే తడిసిన ఫోనులో ఇది తొందరగా కనిపించే గుర్తుల్లో ఒకటి. ఫాస్ట్ ఛార్జింగ్ పోయి మామూలు ఛార్జింగ్ మాత్రమే ఎక్కడం, రంధ్రం పొడిగా ఉన్నా చెమ్మ ఉందన్న హెచ్చరిక మాటిమాటికీ రావడం కూడా ఈ కోవలోవే.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోవడం, ఊరికే ఉన్నా ఒకే చోట వెచ్చబడటం ఇంకాస్త లోతైన జబ్బు. ఉప్పు పొర మీదుగా కరెంటు ఒక దారి నుంచి పక్కదారికి సన్నగా కారిపోతోందని అర్థం. ఇల్లంతా కుళాయిలు కట్టేసినా ట్యాంకు ఖాళీ అవుతుంటే పైపు ఎక్కడో కారుతున్నట్టే కదా. సిమ్ ఉండి లేనట్టు చూపడం, అవతలివాళ్లకు మన మాట దూరంగా వినిపించడం, పొద్దున పూట కెమెరా అద్దం లోపల మంచు పట్టినట్టు కనిపించడం కూడా చూసుకోవాలి. వెనక డొప్ప గానీ తెర గానీ ఉబ్బి లేచినట్టుంటే అది బ్యాటరీ పొంగడం. వెంటనే వాడకం ఆపి, నొక్కకుండా, గుచ్చకుండా షాపులో ఇచ్చేయాలి.

ఆగస్టులో పడితే అక్టోబరు దాకా ఆగిందెందుకన్నది బాబాయి ప్రశ్న. దానికి జవాబు పిన్ని వంటింట్లోనే ఉంది. ముసురు పడితే డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లి ముద్దకడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని తనంతట తానే కరుగుతుంది. బోరు నీళ్లలో ఉండే మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్లకైతే అంతకన్నా చాలా తక్కువ తేమ చాలు. బాబాయి ఫోనులో ఎండిపోయి పడున్న లవణం కూడా అంతే. ఎండలున్నన్నాళ్లు నిద్రపోయింది. ముసురు రాగానే చెమ్మగిల్లింది, బ్యాటరీ ఎలాగూ ఉంది, ప్రయోగం మళ్లీ మొదలైంది. ఒక్క చుక్క కొత్త నీరు తగలకుండానే!

కుర్రాడు ఛార్జింగ్ బోర్డు మార్చాడు, పెద్ద బోర్డు రెండుసార్లు కడిగాడు. రాత్రిపూట బ్యాటరీ దిగడం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. "తిన్నది తిన్నట్టే అన్నా, వెనక్కి రాదు. ఇంక తినకుండా ఆపగలం, అంతే. పడిన రోజే తెచ్చుంటే కడిగి ఇచ్చేవాణ్ణి" అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. నీళ్లలో పడి లేచిన ఫోను మొదటిసారి ఆన్ అవగానే ఎవరికో కాల్ చేసి సంబరపడకుండా, ముందు ఫోటోలు, ఫోన్ నంబర్లు ఇంకో చోటికి ఎక్కించుకోవాలట. ఆ ఆన్ అవడం మళ్లీ జరుగుతుందన్న హామీ లేదు.

బాబాయి ఇప్పటికీ ఆ ఫోనే వాడుతున్నాడు. మనవరాలి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించుకోవడం మావాడు నేర్పించాడు గానీ, ఎప్పుడెప్పుడు చేయాలన్నది మాత్రం ఆయన సొంతంగా పెట్టుకున్న లెక్క. వానాకాలం పొద్దున్నే పిన్ని ఉప్పు డబ్బా మూత తీసి "ఏవండీ, ఉప్పు చెమ్మగిల్లింది" అని కేకేస్తుంది. ఆయన లేచి వైరు వెతుక్కుంటాడు.